ముందు కట్‌లతో చూడండి

అందరికీ నమస్కారం. ఇందాక చేతులెత్తమన్నప్పుడు మీలో చాలామంది పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్లే అని తెలిసింది. అందుకే ఒక షాట్ నుంచి ఇంకో షాట్‌కు మారే ట్రాన్సిషన్‌ల గురించి చెప్పడానికి నా ఉదాహరణ కూడా పెళ్లిలోంచే తీసుకుంటాను.

ముందు నా అలవాటు చెబుతాను. మొదటి విడతలో టైమ్‌లైన్ మీద ఒక్క ట్రాన్సిషన్ కూడా వేయను. మొత్తం కట్‌లతోనే పేర్చి, ఎక్కడా ఆపకుండా చూస్తాను. ఏ కట్ దగ్గరైనా కాస్త తడబాటు అనిపిస్తే ఆ టైమ్ కాగితం మీద రాసుకుంటాను. గంట వీడియోలో అలాంటివి పది దాటవు. ట్రాన్సిషన్ గురించి ఆలోచించేది ఆ పది చోట్లే.

ఫిల్మ్ రోజుల్లో ఇది అలవాటు కాదు, గత్యంతరం లేని పద్ధతి. ఒక బొమ్మ మెల్లగా ఇంకో బొమ్మలోకి కరిగే డిజాల్వ్ కావాలంటే ల్యాబ్‌లో ఆప్టికల్ ప్రింటర్ మీద విడిగా చేయించాలి. అది వచ్చేదాకా ఎడిటర్, ఎడిటింగ్ కోసం తీసిన కాపీ అయిన వర్క్ ప్రింట్‌లో రెండు షాట్లనూ నేరుగా అతికించి, పైన గ్రీజు పెన్సిల్‌తో గుర్తు పెట్టుకునేవారు. 1962 నాటి ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’లో అగ్గిపుల్లను ఊదగానే ఎడారి సూర్యోదయం వస్తుంది. స్క్రిప్టులో అక్కడ డిజాల్వ్ అని ఉంది. ఎడిటర్ యాన్ కోట్స్, దర్శకుడు డేవిడ్ లీన్ వర్క్ ప్రింట్ వేసుకుని చూస్తే అక్కడ వట్టి కట్ కనిపించింది. అదే బాగుందని ఉంచేశారు. ఇప్పుడు మౌస్‌తో లాగితే డిజాల్వ్ పడిపోతుంది కాబట్టి, కట్ ఎలా ఉంటుందో చూసే అవకాశాన్ని మనమే పోగొట్టుకుంటున్నాం.

ఇక అప్పగింతలకు వద్దాం. నేను చేసిన ఒక పెళ్లిలో రెండు షాట్లున్నాయి. మొదటిది, పెళ్లికూతురి కారు వీధి మలుపు తిరగడం. రెండోది, ఖాళీ పందిట్లో అరటి బోదెకు ఆనుకుని నిలబడ్డ అమ్మ. కట్ పెడితే అమ్మ మొహం చటుక్కున వచ్చి పడింది. కారు వెళ్లి ఎంతసేపైందో తెలియలేదు. ఇది నా కాగితం మీదకెక్కిన చోటు.

డిజాల్వ్ వేసి చూశాను. మనది సెకనుకు 25 ఫ్రేములు కదా, 25 ఫ్రేముల డిజాల్వ్. కాసేపు గడిచిందన్న సంగతి అందింది, దిగులు తెగకుండా ఒక షాట్ నుంచి ఇంకో షాట్‌లోకి పారింది. డిజాల్వ్ గుణం అదే. ఒక క్షణంపాటు రెండు బొమ్మలూ కలిసి ఉంటాయి కాబట్టి, ఆ రెంటికీ ఏదో బంధం ఉందని చూసేవాళ్లకు అనిపిస్తుంది. బంధం లేని రెండు షాట్ల మధ్య వేస్తే అది వట్టి మసకే.

కానీ ఒక తప్పు దొర్లింది. సరిగ్గా మధ్యలో ఆపి చూస్తే కారు వెనక ఎర్ర లైట్లు అమ్మ చెంప మీద పడ్డాయి. డిజాల్వ్‌ను ఎప్పుడూ మధ్య ఫ్రేమ్ దగ్గర ఆపి చూడండి. వెలుగున్న భాగాలు ఎదుటి షాట్‌లోని చీకటి భాగాల్లోంచి పైకి తేలతాయి. కారు మలుపు తిరిగి, వీధి ఖాళీ అయ్యేదాకా మొదటి షాట్‌ను పొడిగించాను. అప్పుడు కుదిరింది. పొడిగించడానికి ఫుటేజ్ ఉండబట్టి సరిపోయింది. కట్‌కు అటూ ఇటూ చెరో 12, 13 ఫ్రేములు అదనంగా లేకపోతే సాఫ్ట్‌వేర్ చివరి ఫ్రేమ్‌నే మళ్లీ మళ్లీ చూపిస్తుంది, బొమ్మ బిగుసుకుపోతుంది. షాట్ అయిపోయాక కూడా రెండు సెకన్లు రికార్డింగ్ ఆపొద్దని మీ కెమెరామన్‌కు చెప్పండి.

అక్కడే ఫేడ్ వేస్తే ఏమవుతుందో కూడా చూశాను. తెర నల్లబడగానే ఆ రోజు కథ ముగిసిపోయింది, అమ్మ షాట్ మర్నాటి సంగతిలా కనిపించింది. కాబట్టి ఫేడ్‌ను అమ్మ షాట్ తర్వాతకు జరిపాను. 40 ఫ్రేములు మెల్లగా నల్లబడి, అర సెకను చీకటి. ఫేడ్‌లో సగం పని సౌండ్‌ది. నాదస్వరం బొమ్మతోపాటే ఆగితే పూర్తిగా ముగిసినట్టుంటుంది, చీకటిలో కూడా సన్నగా వినిపిస్తే ఇంకా ఏదో మిగిలి ఉన్నట్టుంటుంది. నేను వినిపించనిచ్చాను. తెల్లగా ఫేడ్ చేయడం వేరు, అది కలనో జ్ఞాపకాన్నో తలపిస్తుంది. అప్పగింతలకు అది నప్పదు.

ఇక వైప్. ఇందులో రెండు బొమ్మలు కలవవు, ఒకదాని అంచు తెర మీద జరుగుతూ ఇంకోదాన్ని తుడిచేస్తుంది. ఆ అంచు కదలడం కంటికి స్పష్టంగా తెలుస్తుంది. అందుకే దుఃఖానికి పనికిరాదు, హడావుడికి బాగుంటుంది. 1954లో జపాన్ దర్శకుడు కురొసావా ‘సెవెన్ సమురాయ్’లోనూ, 1977లో ‘స్టార్ వార్స్’లోనూ వైప్‌లు కథను ఉరికిస్తాయి. మనకు పెళ్లి ఉదయం అలాంటిదే. ఇక్కడ పెళ్లికూతురికి మంగళస్నానం, అదే సమయానికి విడిదింట్లో పెళ్లికొడుకు తలపాగా కోసం వెతుకులాట. అక్కడ ఒకటో రెండో వైప్‌లు హాయిగా ఇముడుతాయి.

అయితే మెనూలో ఉన్న హృదయాలూ, పేజీ తిప్పడాలూ వద్దు. ఫుటేజ్‌లోనే వెతకండి. ఎవరో చుట్టం లెన్స్ ముందు నుంచి అడ్డంగా నడుస్తారు, ఆ వీపు తెరంతా కప్పేస్తుంది. ఆ ఫ్రేమ్ దగ్గర కట్ చేసి, అటువైపు నుంచి స్తంభమో తలుపో అదే దిశలో తప్పుకునే షాట్ పెట్టండి. ఎడమ నుంచి కుడికి వెళ్లిన వీపు తర్వాత స్తంభం కుడి నుంచి ఎడమకు కదిలితే మాత్రం కన్ను గతుక్కుమంటుంది, రెండో షాట్ మార్చాల్సిందే.