రెండో ఏడాది బిల్లు: చిన్న షాపు వెబ్‌సైట్‌కి ఏటా ఎంత ఖర్చవుతుంది?

హోస్ట్: నమస్కారమండీ. సైట్ చేయించుకోవడం గురించి ఇదివరకు మాట్లాడుకున్నాం. ఇవాళ చేయించుకున్నాక ఏటా పడే ఖర్చు సంగతి. చిన్న వ్యాపారుల సైట్లు చూసే డెవలపర్ గారు మనతో ఉన్నారు. ఒక షాపు లెక్క తీసుకుని అణా పైసలతో సహా వేద్దామన్నారు.

డెవలపర్: అవునండీ. మంగళగిరిలో చేనేత చీరల షాపు అనుకుందాం. వర్డ్‌ప్రెస్ సైట్. ఎనిమిది పేజీలు, చీరల ఫొటోలు, కింద వాట్సాప్ బటన్. ఆన్‌లైన్‌లో డబ్బు కట్టించుకోవడం లేదు. మన దగ్గర చాలా షాపులకి ఉండేది ఇలాంటి సైటే. నేను చెప్పే ధరలు ఈ ఉదాహరణ కోసం వేసుకున్నవి. మీ కంపెనీ రేటు వేరుగా ఉండొచ్చు, లెక్క కట్టే పద్ధతి మాత్రం ఇదే.

హోస్ట్: మొదట ఏది?

డెవలపర్: హోస్టింగ్, అంటే సైట్ ఉండే సర్వర్‌కి కట్టే అద్దె. అందరూ బోల్తాపడేది ఇక్కడే కాబట్టి. ప్రకటనలో నెలకి 149 రూపాయలు అని ఉంటుంది. ఆ రేటు కావాలంటే 36 నెలలది ఒకేసారి కట్టాలి. అంటే 5,364, దాని మీద 18 శాతం జీఎస్టీ. మూడేళ్లు ఏ గొడవా ఉండదు. నాలుగో ఏడు మొదలయ్యేసరికి రెన్యూవల్ రేటు నెలకి 449 అంటారు. పన్నెండు నెలలకి 5,388. అప్పుడు మూడేళ్లకి కట్టినంతా ఇప్పుడు ఒక్క ఏడాదికే కట్టాలన్నమాట. జీఎస్టీ కలిపితే 6,358.

హోస్ట్: ఇది ముందే ఎక్కడైనా కనిపిస్తుందా?

డెవలపర్: కనిపిస్తుంది, చిన్న అక్షరాల్లో. కొనే పేజీలో ధర కింద "renews at" అని ఒక లైను ఉంటుంది. ఏటా ఎంతవుతుందో వేసుకునేటప్పుడు ఆ అంకె పట్టుకోవాలి, పెద్ద అక్షరాల్లో ఉన్నది కాదు. ఇంకో మాట. మీకు జీఎస్టీ నంబరుంటే హోస్టింగ్ అకౌంట్‌లో ముందే ఎక్కించండి. బిల్లు మీద నంబరు ఉంటేనే ఆ 18 శాతం ఇన్‌పుట్ కింద తీసుకోవడానికి వీలు. కాంపొజిషన్ స్కీమ్‌లో ఉన్నవాళ్లకి ఆ అవకాశం లేదు, వాళ్లకి అదీ ఖర్చే.

హోస్ట్: సైట్‌కీ చూసేవాళ్లకీ మధ్య సమాచారం ఇంకెవరూ చదవకుండా కాపాడే ఎస్‌ఎస్‌ఎల్‌కి విడిగా కట్టమంటారు కదా?

డెవలపర్: ఇలాంటి సైట్‌కి అక్కర్లేదండీ. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ ఉచితం, చాలా హోస్టింగ్‌లు దాన్నే వాటంతట అవే రెన్యూ చేస్తాయి. బిల్లులో ఎస్‌ఎస్‌ఎల్ అని ఏటా రెండు మూడు వేలు కనిపిస్తే ఎందుకని అడగండి.

హోస్ట్: సైట్ పేరు, అదే డొమైన్?

డెవలపర్: డబ్బు పరంగా చిన్నదే. డాట్‌కామ్ రెన్యూవల్ 1,300, జీఎస్టీతో 1,534 అనుకుందాం. మొదటి ఏడాది 99కే ఇస్తారు, అది వేరు. కానీ మర్చిపోతే అన్నిటికంటే ఎక్కువ నష్టం దీనితోనే. గడువు దాటిన కొద్ది రోజుల్లోనే సైట్ ఆగిపోతుంది. డొమైన్ పేరు మీద ఉన్న ఈమెయిల్ కూడా ఆగుతుంది. ఇక్కడో చిక్కుంది. డొమైన్ అమ్మిన కంపెనీ, అంటే రిజిస్ట్రార్ దగ్గర మీరిచ్చిన ఈమెయిల్ అదే డొమైన్‌ది అయితే, పాస్‌వర్డ్ మార్చుకునే మెయిలూ రాదు. అందుకే ఆ అకౌంట్‌కి ఓనర్ సొంత జీమెయిల్ పెట్టుకోవాలి.

హోస్ట్: గడువు దాటాక వెనక్కి తెచ్చుకోవచ్చా?

డెవలపర్: డాట్‌కామ్‌కి ఒక వరస ఉంది. ముందు రిజిస్ట్రార్ ఇచ్చే వెసులుబాటు, గరిష్ఠంగా 45 రోజులు. అందరూ అన్ని రోజులూ ఇవ్వరు, కొందరు ఆ లోపలే వేలానికి పెట్టేస్తారు. తర్వాత 30 రోజులు రిడెంప్షన్. అప్పుడు రెన్యూవల్ ధర మీద వేలల్లో ఫీజు అడుగుతారు. ఆ తర్వాత 5 రోజులు ఎవరికీ అందదు, ఆపైన ఎవరైనా కొనుక్కోవచ్చు. మీది ఏ దశలో ఉందో lookup.icann.org లో పేరు కొడితే తెలుస్తుంది. redemptionPeriod అని కనిపిస్తే ఫీజు తప్పదు.

హోస్ట్: ఆటో రెన్యూ ఆన్ చేసేస్తే సరిపోదా?

డెవలపర్: దాన్ని నమ్ముకునే చాలామంది డొమైన్లు పోగొట్టుకుంటున్నారు. 2021 అక్టోబరు నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధన మారింది. కార్డు నుంచి దానంతట అదే డబ్బు తీసుకోవాలంటే ముందు ఓటీపీతో మ్యాండేట్ నమోదవ్వాలి, తీసే 24 గంటల ముందు బ్యాంకు మీకు కబురు పెట్టాలి. 15,000 దాటితే ప్రతిసారీ ఓటీపీ కావాలి. విదేశీ కంపెనీలు కొన్ని ఈ ఏర్పాటులో లేవు. మీ అకౌంట్‌లో ఆటో రెన్యూ ఆన్ అనే ఉంటుంది, తీరా ఆ రోజు పేమెంట్ ఫెయిలవుతుంది. కార్డు మారినా ఇదే కథ. కాబట్టి గడువుకి నెల ముందు ఫోన్‌లో రిమైండర్ పెట్టుకుని చేత్తో కట్టేయడం మేలు.

హోస్ట్: సైట్‌కి అదనపు పనులు జోడించే ప్లగిన్లకీ ఇదే సమస్యా?

డెవలపర్: ఇంకా ఎక్కువ. పేజీ బిల్డర్ ప్రో లాంటిది ఏడాదికి 59 డాలర్లనుకోండి. డాలరు 90 రూపాయలు వేసుకుంటే 5,310. కార్డు కంపెనీ మూడున్నర శాతం మార్కప్, ఆ మార్కప్ మీద జీఎస్టీ కలిపితే సుమారు 5,530. అమ్మే కంపెనీయే జీఎస్టీ వసూలు చేస్తే ఇంకో తొమ్మిది వందల పైచిలుకు.

హోస్ట్: కట్టకపోతే సైట్ ఆగిపోతుందా?

డెవలపర్: ఆగదు. అసలు ఇబ్బంది అదే. చాలా ప్లగిన్లు లైసెన్సు అయిపోయినా పనిచేస్తూనే ఉంటాయి, అప్‌డేట్లు మాత్రం రావు. పైకి బాగానే ఉంది కదా అని వదిలేస్తారు. కొన్నాళ్లకి అందులో భద్రతా లోపం బయటపడితే, దాన్ని సరిచేసిన వెర్షన్ మీకు అందదు. ఇంకోటి, మొదటి ఏడాది ఈ ఖర్చు చాలామందికి కనిపించదు. సైట్ చేసినాయన తన ఏజెన్సీ లైసెన్సు వాడి ఉంటాడు. అది ఆపేసిన రోజు మీ సైట్‌లోనూ అప్‌డేట్లు ఆగిపోతాయి. సైట్ అప్పజెప్పేటప్పుడే "ఏ ప్లగిన్ లైసెన్సు ఎవరి అకౌంట్‌లో ఉంది?" అని రాయించుకోవాలి. క్రాక్ చేసిన నల్డ్ ప్లగిన్ పెట్టారని తెలిస్తే వెంటనే తీయించేయండి. వాటిలో దొంగదారులు పెట్టి పంచడం మామూలే.

హోస్ట్: మన చీరల షాపుకి ఆ ప్రో నిజంగా కావాలా?

డెవలపర్: ఎనిమిది పేజీలకి చాలావరకు అక్కర్లేదు. వర్డ్‌ప్రెస్ సొంత బ్లాక్ ఎడిటర్ చాలు. కాకపోతే ఒకసారి ప్రోతో కట్టిన పేజీలని మళ్లీ మామూలు బ్లాకుల్లోకి మార్చడం ఒక పని, దానికో ఖర్చు. మొదట్లోనే అడగాల్సిన విషయమది.

హోస్ట్: మెయింటెనెన్స్‌కొద్దాం. ఏఎంసీ అని నెలకి వెయ్యి తీసుకుంటారు. అసలేం చేస్తారండీ?

డెవలపర్: కొందరు చేస్తారు, కొందరు తీసుకుంటారు. చేయాల్సిన పని ఇదీ. ముందు బ్యాకప్ తీసి, వర్డ్‌ప్రెస్, థీమ్, ప్లగిన్లు అప్‌డేట్ చేసి, తర్వాత సైట్ తెరిచి ఫారం నింపి చూడాలి. బ్యాకప్ అదే సర్వర్‌లో ఉంచితే లాభం లేదు, సర్వర్ పోతే బ్యాకప్పూ పోతుంది. అప్‌డ్రాఫ్ట్‌ప్లస్ అనే బ్యాకప్ ప్లగిన్ ఉచిత వెర్షన్‌తోనే మీ గూగుల్ డ్రైవ్‌లోకి పంపొచ్చు. ఆ డ్రైవ్ ఓనర్‌ది కావాలి, డెవలపర్‌ది కాదు.

హోస్ట్: పని జరుగుతోందో లేదో ఓనర్‌కి ఎలా తెలుస్తుంది?

డెవలపర్: లాగిన్ అయి Dashboard లో Updates పక్కన అంకె చూడండి. ఇరవై, ముప్ఫై అని ఉందంటే ఎవరూ ముట్టుకోలేదన్నమాటే. Tools లో Site Health, అందులో Info, Server తెరిస్తే వర్డ్‌ప్రెస్ నడిచే భాష PHP వెర్షన్ కనిపిస్తుంది. PHP 7.4కి భద్రతా అప్‌డేట్లు 2022 నవంబరులోనే ఆగిపోయాయి. అయినా ఇంకా దాని మీదే నడిచే సైట్లున్నాయి. హోస్టింగ్ వాళ్లు ఒకరోజు వెర్షన్ మార్చేస్తారు, పాత థీమ్ తట్టుకోలేదు, "There has been a critical error on this website" అని తెల్ల పేజీ వస్తుంది. అప్పుడు వర్డ్‌ప్రెస్ అడ్మిన్ ఈమెయిల్‌కి రికవరీ లింకు పంపుతుంది. ఆ ఈమెయిల్ ఎప్పుడో మానేసిన డెవలపర్‌దైతే ఎవరూ చూడరు. Settings, General లో Administration Email Address ఎవరిదో ఇవాళే చూసుకోండి.

హోస్ట్: ఏడాదికి పన్నెండు వేలు. దండగంటారా?

డెవలపర్: నా ఉద్దేశంలో ఈ బిల్లులో ఉంచాల్సిందే ఇది. తగ్గించుకోగలిగింది కంటెంట్. నెలకి రెండుసార్లు పదిహేనేసి కొత్త చీరలు ఎక్కించాలనుకోండి. బయట చేయిస్తే చీరకి 30 రూపాయల చొప్పున ఒక్కో విడతకి 450, ఏడాదికి 10,800. ఇది షాపులో ఉన్న అమ్మాయో అబ్బాయో గంట నేర్చుకుంటే చేసే పని. Administrator కాకుండా Editor లాగిన్ ఇస్తే చాలు. ప్లగిన్లు తీసేసే వీలుండదు, చీరలు ఎక్కించుకోవచ్చు.

హోస్ట్: అందులో తప్పులు జరగవా?

డెవలపర్: జరిగేది ఒకటే. ఫోన్‌లో తీసిన ఫొటో ఉన్నపళంగా ఎక్కించేస్తారు. ఒక్కోటి 5 ఎంబీ. ఏడాదికి 360 చీరలు, అంటే 1.8 జీబీ. వర్డ్‌ప్రెస్ ఆ అసలు ఫొటోని ఉంచుకుంటూనే రకరకాల సైజుల్లో కాపీలు చేసుకుంటుంది. పైగా బ్యాకప్పులు కూడా అక్కడే పడి ఉంటే, 10 జీబీ ప్లాన్ రెండో ఏడాదికే నిండిపోతుంది. నిండితే ముందు మెయిళ్లు రావడం ఆగుతుంది. హోస్టింగ్ వాళ్లకి ఫోన్ చేస్తే పెద్ద ప్లాన్ తీసుకోమంటారు. అదే ఫొటోని 1,200 పిక్సెళ్ల వెడల్పుకి తగ్గించి 200 కేబీ లోపు చేస్తే ఏడాదంతా కలిపి 72 ఎంబీ. పెద్ద ప్లాన్ అవసరమే ఉండదు.

హోస్ట్: మొత్తం కూడదామా?

డెవలపర్: డొమైన్ 1,534, హోస్టింగ్ 6,358, ప్లగిన్ 5,530, మెయింటెనెన్స్ 12,000, కంటెంట్ 10,800. హోస్టింగ్ రెన్యూవల్ రేటు మొదలయ్యాక ఏడాదికి మొత్తం 36,222. ప్రో ప్లగిన్ లేకుండా, చీరలు షాపులోనే ఎక్కించుకుంటే 19,892.

హోస్ట్: చివరగా ఒకటి. హోస్టింగ్ రేటు పెరిగే ఏడాది ఇంకో కంపెనీకి మారితే మళ్లీ 149కే వస్తుంది కదా?

డెవలపర్: వస్తుంది. సైట్ మార్చే పనికి రెండు మూడు వేలు పోయినా మిగులే, కాకపోతే మూడేళ్లకోసారి ఆ శ్రమ. గడువుకి నెల ముందే మొదలుపెట్టండి. కొత్త చోట సైట్ మొత్తం పెట్టి చూసుకున్నాకే డీఎన్‌ఎస్, అంటే మీ డొమైన్ ఏ సర్వర్‌కి వెళ్లాలో చెప్పే సెట్టింగ్ మార్చాలి. ముందురోజు టీటీఎల్, అంటే ఆ సెట్టింగ్‌ని బయటి సర్వర్లు ఎంతసేపు గుర్తుపెట్టుకోవాలో చెప్పే సమయం, 300 సెకన్లకి తగ్గిస్తే మార్పు త్వరగా అందుతుంది. ఇందులో మర్చిపోయేది సైట్ కాదు, మెయిల్. మెయిల్ బాక్సులు పాత హోస్టింగ్‌లోనే ఉంటే, ముందు కొత్త చోట అవే పేర్లతో తెరిచి పాత మెయిళ్లు కాపీ చేసుకోవాలి. ఆ తర్వాత పది రోజులైనా పాత అకౌంట్ ఉండనివ్వండి, ఈలోగా ఏవైనా పాత చోటికే వచ్చుంటే తీసుకోవచ్చు. డొమైన్ కూడా పాత కంపెనీలోనే ఉంటే దాన్ని ఇప్పుడే కదపక్కర్లేదు. దాని రెన్యూవల్ అక్కడే విడిగా కట్టుకుంటూ ఉండొచ్చు.