వచ్చిన బస్సు, వచ్చిన దారి, వచ్చిన పని

అందరికీ నమస్కారం. ఇంగ్లీషులో హూ, విచ్, దట్ పెట్టి రెండు వాక్యాలను కలపడం మీకు కొత్త కాదు. మనుషులకు హూ, వస్తువులకు విచ్, రెండింటికీ దట్ అని బడిలోనే చెప్పారు. అది నిజమే, అందులో మీరు పెద్దగా తప్పు చేయరు కూడా. నేను ఇన్నేళ్ళుగా దిద్దుతున్న కాగితాల్లో తప్పు ఎక్కువగా కనిపించేది హూ, విచ్ దగ్గర కాదు. వాటితో మొదలయ్యే ముక్క చివర కనిపిస్తుంది. ఈ రోజు ఆ చివర గురించే మాట్లాడతాను.

ముందు తెలుగు చూద్దాం. 'నేను వచ్చిన బస్సు', 'నేను వచ్చిన దారి', 'నేను వచ్చిన పని'. మూడింటిలోనూ ఉన్నది ఒకటే మాట, 'వచ్చిన'. కానీ అర్థం ఒకటి కాదు. బస్సులో వచ్చాను, దారి వెంట వచ్చాను, పని కోసం వచ్చాను. ఆ 'లో', 'వెంట', 'కోసం' ఏమయ్యాయి? 'వచ్చిన' అనగానే మాయమయ్యాయి. అయినా వినేవాళ్ళకు ఇబ్బంది లేదు, ఎందుకంటే బస్సుతో ఏం చేస్తామో, పనితో ఏం చేస్తామో అందరికీ తెలుసు. తెలుగు ఆ పనిని వినేవాళ్ళ బుర్రకు వదిలేస్తుంది. ఎంత పొదుపైన పద్ధతో చూడండి.

ఇంగ్లీషు అలా వదలదు. 'ద బస్ దట్ ఐ కేమ్ ఆన్', 'ద రోడ్ దట్ ఐ కేమ్ అలాంగ్', 'ద వర్క్ దట్ ఐ కేమ్ ఫర్'. చివర ఆన్, అలాంగ్, ఫర్ ఉండి తీరాలి. మనం తెలుగులో ఆలోచించి 'ద వర్క్ దట్ ఐ కేమ్' దగ్గర ఆపేస్తాం. మన చెవికి పూర్తయినట్టే ఉంటుంది. ఇంగ్లీషు మాతృభాష అయినవాళ్ళు మాత్రం ఇంకో మాట కోసం ఎదురుచూస్తారు.

ఇంటర్వ్యూల్లో తరచుగా వినిపించే వాక్యం ఒకటి తీసుకుని నెమ్మదిగా విప్పుదాం. 'నేను పనిచేసిన ప్రాజెక్ట్ పూర్తయింది' అని చెప్పాలి. చాలామంది 'ద ప్రాజెక్ట్ విచ్ ఐ వర్క్డ్ ఈజ్ కంప్లీటెడ్' అంటారు. ఇక్కడ హూ, విచ్ సంగతి కాసేపు మరచిపోండి. లోపల దాగి ఉన్న వాక్యాన్ని బయటికి తీసి, పూర్తిగా ఇంగ్లీషులో చెప్పండి: 'ఐ వర్క్డ్ ఆన్ ద ప్రాజెక్ట్'. ఇప్పుడు 'ద ప్రాజెక్ట్' అన్న ముక్కను మాత్రమే ఎత్తి ముందుకు తీసుకెళ్ళండి. దాని చోటు ఖాళీ అయింది. 'ఐ వర్క్డ్ ఆన్' అలాగే మిగిలింది. ముందుకెళ్ళిన మాట పక్కన విచ్ పెట్టండి: 'ద ప్రాజెక్ట్ విచ్ ఐ వర్క్డ్ ఆన్ ఈజ్ కంప్లీటెడ్'. ఎత్తినది ప్రాజెక్ట్‌ను మాత్రమే, ఆన్‌ను కాదు.

ఆ ఖాళీని ఖాళీగానే ఉంచాలి. దాన్ని చూస్తే కొందరికి ఏదో వెలితిగా అనిపించి 'ఇట్' తెచ్చి నింపుతారు: 'ద ప్రాజెక్ట్ విచ్ ఐ వర్క్డ్ ఆన్ ఇట్'. మనిషి విషయంలో అయితే 'ద డాక్టర్ హూ ఐ మెట్ హిమ్'. దీనికి కారణం కూడా మన భాషలోనే ఉందని నాకు అనిపిస్తుంది. తెలుగులో 'ఏ డాక్టర్‌ని కలిశానో ఆయన' అనే వరస కూడా ఉంది కదా. అందులో 'ఏ'కి జవాబుగా 'ఆయన' రావాలి. ఆ అలవాటే ఇంగ్లీషులో హిమ్‌గా బయటపడుతుంది. కానీ హూ వచ్చి కూర్చున్నది ఆ హిమ్ స్థానంలోనే. ఒక కుర్చీలో ఇద్దరు కూర్చోలేరు.

మరో చిక్కు చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ బాగా చదివేవాళ్ళు కూడా జారిపోతారు. చివర ఏ మాట రావాలో తెలుగు విభక్తిని చూసి తేల్చలేం. 'మీరు అడిగిన పుస్తకం' తీసుకోండి. తెలుగులో పుస్తకం అడుగుతాం, అంతే, మధ్యలో 'కోసం' లేదు. ఇంగ్లీషులో మాత్రం కావాలని అడిగితే ఆస్క్ ఫర్. కాబట్టి 'ద బుక్ దట్ యూ ఆస్క్డ్ ఫర్'. 'నేను విన్న పాట' కూడా అంతే, 'ద సాంగ్ దట్ ఐ లిజన్డ్ టు'. దీనికి ఎదురుగా 'మనం చర్చించిన విషయం' ఉంది. గురించి చర్చించాం కాబట్టి అబౌట్ పెట్టాలనిపిస్తుంది. డిస్కస్ తర్వాత అబౌట్ రాదు, అందుకే 'ద మ్యాటర్ దట్ వుయ్ డిస్కస్డ్' దగ్గర ఆగిపోవాలి. దాగిన వాక్యాన్ని తెలుగులో కాక ఇంగ్లీషులోనే బయటికి తీయమన్నది ఇందుకే. క్రియను నేర్చుకునేటప్పుడే దాని తోకను కూడా కలిపి నేర్చుకోండి: వెయిట్ ఫర్, లుక్ ఎట్, డిపెండ్ ఆన్.

ఆఫీసు ఉత్తరాల్లో ఈ తోక ముందుకు కూడా వెళ్తుంది: 'ద ప్రాజెక్ట్ ఆన్ విచ్ ఐ వర్క్డ్'. తప్పు లేదు, కాస్త గంభీరంగా ఉంటుంది. అలా ముందుకు వెళ్ళినప్పుడు దాని వెనక దట్ రాదు, 'ఆన్ దట్ ఐ వర్క్డ్' తప్పు. మనిషి అయితే హూమ్ అవుతుంది. మాట్లాడేటప్పుడు ఇంత శ్రమ వద్దు, చివరే వదిలేయండి. ఊరు, ఇల్లు లాంటి చోట్లకు వేర్ వాడితే ఇన్ అక్కర్లేదు. 'ద విలేజ్ వేర్ ఐ వజ్ బార్న్' సరిపోతుంది. దానికి ఇన్ తగిలిస్తే మళ్ళీ ఒక కుర్చీలో ఇద్దరు.

దట్‌ను ఎప్పుడు తీసేయొచ్చని మీలో చాలామంది అడుగుతుంటారు. దట్ తర్వాత వచ్చే మాట చూడండి. ఐ, యూ, మై ఫాదర్ ఇలా చేసేవాళ్ళు వస్తే తీసేయొచ్చు: 'ద బస్ ఐ కేమ్ ఆన్'. నేరుగా క్రియ వస్తే తీయకూడదు. 'ద మ్యాన్ కేమ్ యెస్టర్డే ఈజ్ మై అంకుల్' అంటే వాక్యం విరిగిపోతుంది. అక్కడ హూ ఉండాల్సిందే, ఎందుకంటే కేమ్ అన్న పని చేసినవాడు ఆ హూ.

ఇంకొకటి కామా. దీన్ని కూడా తెలుగు దాచేస్తుంది. 'గుంటూరులో ఉండే మా అన్నయ్య టీచర్' అన్నామంటే మీకు అన్నయ్య ఒకరా, ఇద్దరా? తెలుగు వాక్యం చెప్పదు. ఇంగ్లీషులో రాస్తే చెప్పక తప్పదు. 'మై బ్రదర్ హూ లివ్స్ ఇన్ గుంటూర్ ఈజ్ ఎ టీచర్' అని కామాలు లేకుండా రాస్తే, ఇంకో అన్నదమ్ముడు వేరే చోట ఉన్నాడని చదివేవాళ్ళు అనుకుంటారు. బ్రదర్ తర్వాత ఒకటి, గుంటూర్ తర్వాత ఒకటి కామా పెడితే, ఉన్నది ఒక్కడే, గుంటూరు సంగతి అదనపు సమాచారం. ఈ రెండో రకంలో దట్ వాడరు, హూ గానీ విచ్ గానీ వాడాలి, వాటిని తీసేయడం కూడా కుదరదు. '1591లో కట్టిన చార్మినార్' అన్నప్పుడు ఆ సంవత్సరం వల్ల మనం చార్మినార్‌ను గుర్తుపట్టడం లేదు, అది ఒక్కటే ఉంది. అందుకే 'చార్మినార్, విచ్ వజ్ బిల్ట్ ఇన్ 1591, ఈజ్ ఇన్ హైదరాబాద్'. ఊరి పేరు, మనిషి పేరు తర్వాత దాదాపు ఎప్పుడూ ఇలాగే వస్తుంది.

ఇప్పుడు పెన్నులు తీయండి. 'నేను కూర్చున్న కుర్చీ', 'అమ్మ కూరగాయలు కోసే కత్తి', 'మేం ఎదురుచూస్తున్న రైలు'. దాగిన వాక్యాన్ని ముందు ఇంగ్లీషులో విడిగా రాసి, ఆ తర్వాత కలపండి. ఐదు నిమిషాల్లో నేను బెంచీల మధ్యకు వచ్చి ఒక్కొక్కరి కాగితం చూస్తాను.