తాత దాచిన ఏడు నోట్లు

అందరికీ నమస్కారం.

తాత, మనవరాలు, సైకిల్ అనగానే కథ మొత్తం మీకు తెలిసిపోయినట్టే ఉంటుంది. తాత పైసా పైసా కూడబెడతాడు, చివర్లో సైకిల్ వస్తుంది, పిల్ల ఏడుస్తుంది, మనమూ ఏడుస్తాం. ఇంకొందరైతే సైకిల్ వచ్చిన రోజే తాతని చంపేస్తారు కూడా. దయచేసి ఆ పని చేయకండి. ఈ సాయంత్రం ఇలాంటి కథలో ఒక్క విషయం గురించే మాట్లాడతాను. దాచిన డబ్బు ఎక్కడ నుంచి వచ్చింది, ఎక్కడ దాక్కుంది, ఎలా బయటపడింది? ఈ మూడింటికీ రచయిత దగ్గర లెక్క ఉంటే ప్రేమ గురించి ఒక్క మాట రాయక్కర్లేదు. నేను రాసిన కథే తీసుకుని ఆ లెక్క మీ ముందు పెడతాను.

మా తాత పేరు అప్పలస్వామి. మా తాత అంటే కథలో తాతేనండి. విశాఖ కురుపాం మార్కెట్‌లో ఒక షాపులో గుమాస్తాగా పనిచేసి మానేశాడు. వన్ టౌన్‌లో కొడుకు దగ్గరే ఉంటాడు. ఆయనకు పీఎఫ్ పెన్షన్ నెలకు వెయ్యి రూపాయలు. ఆ వెయ్యి నేను ఊహించింది కాదు. 2014 సెప్టెంబరు నుంచి ఆ పెన్షన్‌లో కనీస మొత్తం అంతే. చిన్న షాపుల్లో పనిచేసిన చాలామందికి వచ్చేదీ అంతే. ఆ వెయ్యిలో ఏడొందలు కోడలు లక్ష్మి చేతిలో పెడతాడు. మూడొందలు తన ఖర్చుకి.

సైకిల్ ఎందుకు కావాల్సి వచ్చిందో చెప్పాలి కదా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. విశాఖలో ఉన్నవాళ్లకి ఆ రోజు గురించి నేను చెప్పాల్సింది ఏమీ లేదు. మనవరాలు సంధ్యకి మేనత్త కొడుకు వాడేసిన పాత సైకిల్ ఒకటి ఉండేది. వీధి చివర వేపచెట్టు దాని మీద పడింది. ఇంటి రేకులు, కరెంటు, మంచినీళ్లు, ఇవన్నీ సర్దుకునేసరికి సైకిల్ మాట ఎవరికీ గుర్తులేదు. పిల్ల కూడా మళ్లీ అడగలేదు. తాతకి గుచ్చుకుంది అదే. ఏడ్చి మారాం చేసి ఉంటే ఆయన కూడా అందరిలాగే విసుక్కుని ఊరుకునేవాడు.

ఇప్పుడు మూడొందల్లో ఎక్కడ కోయాలి? మీరు కథ రాసేటప్పుడు ఇక్కడ ఆగండి. 'తాత తన ఖర్చులు తగ్గించుకున్నాడు' అని రాసి ముందుకు పోతే పాఠకుడు నమ్ముతాడు కానీ అతనికి ఏమీ కనిపించదు. నేను ఒకే ఖర్చు తీసుకున్నాను. సాయంత్రం టీ. ఆరు రూపాయలు. నెలకు నూట ఎనభై. మిగిలిన నూట ఇరవై క్షవరానికి, ఎప్పుడైనా ఆటోకి, గుడిలో హుండీకి ఉండనివ్వాలి. లేకపోతే ఇంట్లోవాళ్లకి అనుమానం వస్తుంది. గడ్డం పెరిగితే కోడలు చూస్తుంది. టీ మానేస్తే ఎవరూ చూడరు.

అయితే టీ మానేసినవాడు నాలుగు గంటలకి ఇంట్లోనే ఉంటే దొరికిపోతాడు. కాబట్టి టీకి వెళ్లే వేళకి చొక్కా వేసుకుని బయటికి వెళ్లాలి, ముప్పావుగంట ఎక్కడో గడపాలి. మా తాత పోర్టు వైపు నడుచుకుంటూ వెళ్లి, డాల్ఫిన్స్ నోస్ కొండ కనిపించేచోట ఒక అరుగు మీద కూర్చుని వస్తాడు. రాగానే లక్ష్మి అడుగుతుంది: "టీ తాగేరా మావయ్యా?" "ఆ, తాగేనమ్మా." రోజూ ఒక అబద్ధం. కథలో రహస్యం అంటే నా దృష్టిలో ఇంతే, ప్రతి రోజూ అదే గొంతుతో చెప్పాల్సిన ఒక చిన్న అబద్ధం.

2015 ఏప్రిల్‌లో మొదలుపెట్టాడు. సంధ్యకి అప్పటికి ఎనిమిదేళ్లు. ఆ వయసుకి ఇరవై అంగుళాల చక్రం సైకిల్ సరిపోతుంది. షాపులో ధర కనుక్కున్నాడు, రెండువేల ఎనిమిది వందలు. నెలకు నూట ఎనభై, మధ్యలో సంక్రాంతికి కూతురు తన చేతిలో పెట్టిన మూడొందలు. 2016 మే నెలాఖరుకి రెండువేల ఎనిమిది వందల ఇరవై అయ్యాయి. బడులు తెరిచే ముందు షాపుకి వెళ్లాడు.

షాపువాడు అడిగిన మొదటి ప్రశ్న: "పాపకి ఎన్నేళ్లండి?"

తొమ్మిది దాటింది. నిరుడు కుట్టించిన గౌను ఈ ఏడు మోకాళ్ల పైకి వచ్చింది. "ఇరవై తీసుకుంటే ఏడాదికి మోకాళ్లు హ్యాండిల్‌కి తగుల్తాయండి, ఇరవైనాలుగు తీసుకోండి" అన్నాడు షాపువాడు. వాడేమీ మోసం చేయడం లేదు, ఉన్నమాటే చెప్పాడు. ఇరవైనాలుగు అంగుళాలది మూడువేల ఏడు వందలు.

కథలో నాకు బాగా ఇష్టమైన చోటు ఇదే. తాతకి విలన్ లేడు. కొడుకు చెడ్డవాడు కాదు, కోడలు గయ్యాళి కాదు. ఆయన డబ్బు నెలకి నూట ఎనభై చొప్పున పెరుగుతోంది, పిల్ల దాని లెక్కన అది పెరుగుతోంది. పేదవాడు పిల్లల కోసం దాచే ప్రతి కథలోనూ ఈ పందెం ఉంటుంది. చెప్పులైనా, గౌనైనా, సైకిలైనా కొలత మారిపోతుంది. ఇంకా ఎనిమిది వందల ఎనభై కావాలి. అంటే ఇంకో ఐదు నెలలు టీ లేదు. అక్టోబరు నెలాఖరుకి చేతిలో మూడువేల ఏడు వందల ఇరవై. నవంబరు 13 ఆదివారం సంధ్య పుట్టినరోజు. ఆ రోజు కొనాలనుకున్నాడు.

ఇక డబ్బు దాచిన చోటు. ట్రంకుపెట్టెలో పెడితే లక్ష్మి బట్టలు సర్దేటప్పుడు కనిపిస్తుంది. పది రూపాయల నోట్లు, చిల్లర పెరిగేకొద్దీ మూట లావవుతుంది, కదిపితే చప్పుడు చేస్తుంది. పైగా సముద్రపు గాలికి నాణేలు మసకబారి చేతికి వాసన అంటుకుంటుంది. గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది? ఐదొందలు కాగానే కురుపాం మార్కెట్‌లో పాత షాపుకి వెళ్లి చిల్లర ఇచ్చి ఒక నోటు తెచ్చుకునేవాడు. చిల్లరంటే ఏ షాపువాడైనా సంతోషంగా తీసుకుంటాడు. వీధిలో కిరాణా కొట్టుకి వెళ్లొచ్చు కానీ ఆ కొట్టాయన లక్ష్మికి చెప్పకుండా ఉండలేడు. ఆ నోట్లని పాత చిట్టా పుస్తకం పేజీల మధ్య పెట్టేవాడు. గుడ్డ అట్ట ఉన్న ఆ లావుపాటి పుస్తకం ఇంట్లో ఎవరూ ముట్టుకోరు. మొత్తం ఏడు నోట్లు, పైన రెండువందల ఇరవై చిల్లర.

తేదీ చూసి మీలో కొందరు అప్పుడే నవ్వుతున్నారు. అవును. 2016 నవంబరు 8, మంగళవారం రాత్రి. ఐదొందలు, వెయ్యి నోట్లు అర్ధరాత్రి నుంచి చెల్లవని టీవీలో ప్రధాని చెప్పారు. తాత చిల్లరగానే ఉంచుకుని ఉంటే ఏమీ అయ్యేది కాదు. పదులూ, వందలూ, నాణేలూ చెల్లుతూనే ఉన్నాయి. ఒద్దికగా నోట్లు చేసుకున్నందుకే దెబ్బ తిన్నాడు. కథలో దెబ్బ పాత్ర గుణంలోంచి రావాలి అంటారు కదా, నోట్ల రద్దు ఆకాశం నుంచి పడినా ఆ ఏడు నోట్లు మాత్రం ఆయన గుణంలోంచే వచ్చాయి.

తర్వాత ఏం చేయాలి? తొమ్మిదో తేదీ బ్యాంకులు మూసేశారు, పదిన తెరిచారు. మనిషికి నాలుగువేల వరకు కౌంటర్‌లో మార్చుకోవచ్చు. ఫారం నింపాలి, గుర్తింపు కార్డు జిరాక్స్ ఇవ్వాలి. మూడువేల ఐదొందలు నాలుగువేల లోపే. డబ్బుకి ఇబ్బంది లేదు, కార్డుకే ఇబ్బంది. ఆధార్, ఓటరు కార్డు అన్నీ లక్ష్మి దగ్గర బిస్కెట్ డబ్బాలో ఉంటాయి. రెండు రోజులు తాత ఆ డబ్బా చుట్టూ తిరిగాడు. పన్నెండో తేదీ శనివారం పొద్దున్న, కొడుకు పనికి వెళ్లాక, అడిగేశాడు.

"అమ్మా, నా ఆధార్ ఒకసారి ఇస్తావా?"

లక్ష్మి ఎందుకని అడగలేదు. డబ్బా తీసి కార్డు ఇచ్చింది. తర్వాత లోపలికి వెళ్లి బియ్యం డబ్బాలో చేయి పెట్టి, మడత పెట్టిన ప్లాస్టిక్ కవరు ఒకటి తెచ్చింది. అందులో మూడు ఐదొందల నోట్లు. "ఎలాగూ వెళ్తన్నారు కదా మావయ్యా, ఇవి కూడా మార్చేయండి. మీ అబ్బాయికి చెప్పకండి."

ఆ ఏడాది మన ఇళ్లలో పోపుడబ్బాలూ, చీర మడతలూ, దేవుడి పటాల వెనకాలా ఎంత డబ్బు బయటపడిందో మీకు తెలుసు. కోడలు అడగకపోవడానికి కారణం మంచితనం ఒక్కటే కాదు. తనకీ అడగనివ్వకూడనిది ఉంది.

ఇప్పుడు లెక్క చూడండి. ఏడూ మూడూ పది నోట్లు, ఐదువేలు. పరిమితి నాలుగువేలు. రెండు నోట్లు మిగిలిపోతాయి. ఎవరివి? తాత క్యూలో మూడు గంటలు నిలబడ్డాడు, ఆ మూడు గంటలూ ఈ ప్రశ్నే. కోడలివి మార్చకుండా తెస్తే 'మీవి ఎన్ని ఉన్నాయి' అనే మాట వస్తుంది. ఆమె మూడూ మార్చాడు, తనవి ఐదే మార్చాడు. తన వాటా రెండువేల ఐదొందలు, చిల్లర రెండువందల ఇరవై. పుట్టినరోజు వెళ్లిపోయింది. మిగిలిన వెయ్యి తన పెన్షన్ ఖాతాలో వేశాడు.

ఆ ఖాతాకి ఇచ్చిన ఫోన్ నంబరు కొడుకుది. మెసేజ్ వెళ్లింది.

రాత్రి భోజనాల దగ్గర కొడుకు మామూలుగానే అడిగాడు. "నాన్నా, నీ అకౌంట్‌లో వెయ్యి పడింది. ఎక్కడివి?" తాత అన్నం కలుపుతూ, "టీ మానేసేన్రా" అన్నాడు. వెయ్యికి ఎన్ని టీలో కొడుకు లెక్కేసుకుంటున్నాడు. లక్ష్మి మాత్రం పప్పు గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఏడాదిన్నరగా తను రోజూ అడిగిన ప్రశ్నకి జవాబు ఏమిటో ఆమెకి అప్పుడు తెలిసింది. ఈ సీన్‌లో సంధ్య ఉంది కానీ నేను ఆమెతో ఏమీ మాట్లాడించలేదు. చదివిన ఒక మిత్రుడు పిల్ల ఆనందం చూపించలేదేమని కోప్పడ్డారు. రహస్యం పిల్ల దగ్గర దాచినట్టు కనిపిస్తుంది కానీ కథంతా అది దాగింది లక్ష్మి దగ్గర. బయటపడాల్సిందీ అక్కడే.

సైకిల్ డిసెంబరులో వచ్చింది. అప్పటికి నవంబరు పెన్షన్‌లో టీ డబ్బు కలిసింది, ఖాతాలో వెయ్యి తీయడానికి తాత మళ్లీ క్యూలో నిలబడ్డాడు. షాపులో మూడువేల ఏడు వందలు లెక్కపెట్టి ఇచ్చాక షాపువాడు బెల్లు, క్యారియర్, తాళం కలిపి ఇంకో మూడొందల ఇరవై అన్నాడు. సైకిల్ కొన్నవాళ్లందరికీ తెలుసు, ధర చెప్పేటప్పుడు ఇవి చెప్పరు. తాత జేబు తడుముకుంటుంటే లక్ష్మి పర్సు తీసింది. అందులోంచి వంద నోట్లు తీసి బల్ల మీద పెట్టింది. తాత బ్యాంకు నుంచి తెచ్చిచ్చినవే అవి.

"తాళం రెండు చెవులదేనా?" అని షాపువాణ్ని అడిగింది.

కథ అక్కడితో ఆపేశాను. మీ ప్రశ్నలు అడగండి.