ఆషాఢం సేల్ క్యాప్షన్: ఎన్ని ఉన్నాయో, ఏవి మారుస్తారో ముందే చెప్పండి

[తెరపై: బట్టల దుకాణంలో రాడ్‌కు వేలాడుతున్న కాటన్ కుర్తీలు. ఒక చేయి ట్యాగులు తిప్పుతూ సైజులు చూస్తుంది.]

నమస్కారం. వేసవి సరుకు వదిలించుకోవడానికి మన దుకాణాలకు దొరికే అదను ఆషాఢం. శ్రావణం వస్తే పెళ్లిళ్లకు, వరలక్ష్మీ వ్రతానికి పట్టుబట్టలు, కొత్త సరుకు దిగాలి. దానికి అలమరాలు ఖాళీ కావాలి. అందుకే ధర తగ్గిస్తారు. ఇందులో దాచాల్సింది ఏమీ లేదు. ఆ సేల్ గురించి ఇన్‌స్టాగ్రామ్‌లోనో, వాట్సాప్‌లోనో పెట్టే క్యాప్షన్‌ను నిజాయతీగా ఎలా రాయాలో ఈ వీడియోలో చూద్దాం.

[తెరపై: ఎర్ర అక్షరాల్లో ‘50 శాతం వరకు తగ్గింపు! త్వరపడండి! షరతులు వర్తిస్తాయి.’]

ఇలాంటి క్యాప్షన్ మీరు ఎన్నోసార్లు చూసి ఉంటారు. ఇందులో అబద్ధం ఒక్కటీ లేకపోవచ్చు. అయినా ఊరి చివరి నుంచి రెండు బస్సులు మారి వచ్చిన అమ్మాయికి కావలసిన సంగతి కూడా ఇందులో ఒక్కటీ లేదు. తన సైజు ఉందా? సగం ధర దేని మీద? ఇంటికి వెళ్లాక పట్టకపోతే మారుస్తారా? ఈ మూడింటికీ జవాబు దుకాణంలో అడుగుపెట్టాకే తెలుస్తుందంటే, ఆమె దారి ఖర్చును పణంగా పెట్టించినట్టే.

[తెరపై: నోటుపుస్తకంలో సైజుల లెక్క.]

క్యాప్షన్ రాసే ముందు సరుకు లెక్కపెట్టాలి. ఒక చిన్న దుకాణాన్ని ఊహించుకుందాం. కాటన్ కుర్తీలు 180 మిగిలాయి. ఎస్ సైజువి 42, ఎం 14, ఎల్ 22, ఎక్స్ఎల్ 40, డబుల్ ఎక్స్ఎల్ 62. సీజన్ చివర్లో లెక్క తరచూ ఇలాగే ఉంటుంది. ఎక్కువమందికి సరిపోయే ఎం, ఎల్ ముందే వెళ్లిపోతాయి, అటూ ఇటూ ఉన్న సైజులు మిగులుతాయి. ఇలా సైజులు తెగిపోయిన సరుకును వ్యాపారులు కట్ సైజులు అంటారు. సేల్ పెట్టడానికి అసలు కారణం చాలాసార్లు అదే, కొనేవారికి చెప్పనిదీ అదే. ‘స్టాకు పరిమితం’ అని రాస్తే ఎం సైజు పద్నాలుగే ఉన్నాయని ఎవరికీ అర్థం కాదు. అంకె రాయండి. ఎం సైజు కావలసినవారు పొద్దున్నే వస్తారు, డబుల్ ఎక్స్ఎల్ కావలసినవారు సాయంత్రం తీరిగ్గా వస్తారు. దుకాణానికీ అదే మంచిది.

ఇక తగ్గింపు. ఈ 180లో సగం ధరవి 45 మాత్రమే, అంటే నాలుగో వంతు. మిగతా 135పై 30 శాతం. 1,200 రూపాయల కుర్తీ మొదటి గుంపులో ఉంటే 600, రెండో గుంపులో ఉంటే 840. ‘50 శాతం వరకు’ అంటే చదివేవారి మనసులో 600 పడిపోతుంది. బిల్లు దగ్గర 840 అంటే మోసపోయామనుకుంటారు. అందుకే రెండు గుంపులనూ పక్కపక్కనే చెప్పాలి. ఎంఆర్‌పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి కాబట్టి, దాని మీద తగ్గించిన ధరకు మళ్లీ జీఎస్టీ కలపకూడదు. 600 అని రాస్తే 600కే ఇవ్వాలి.

ఈ విషయంలో చట్టం కూడా మౌనంగా లేదు. తప్పుదోవ పట్టించే ప్రకటనలపై కేంద్రం 2022లో మార్గదర్శకాలు తెచ్చింది. తక్కువ ధర చూపి జనాన్ని రప్పించే ప్రకటన ఇస్తే, ఆ ధరకు అమ్మడానికి తగినంత సరుకు ఉండాలి. గిరాకీకి సరిపోదని ముందే తెలిస్తే సరుకు పరిమితమని స్పష్టంగా చెప్పాలి. షరతు కూడా ప్రకటన ఏ భాషలో ఉందో ఆ భాషలోనే, కంటికి కనిపించేలా ఉండాలి. తగ్గింపు తెలుగులో పెద్దగా, షరతు ఇంగ్లీషులో చీమ తలంత అక్షరాల్లో ఉంటే కుదరదు.

[తెరపై: బిల్లు అడుగున ‘ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అన్న వరుస.]

ఇప్పుడు మార్పిడి. ఎక్కువ గొడవలు ఇక్కడే. రెండు వేర్వేరు సంగతులను ఈ ఒక్క వరుస కలిపేస్తుంది. సైజు పట్టకపోవడం, రంగు నచ్చకపోవడం ఒకటి. ఆ బట్టను మార్చాలా, ఎన్ని రోజుల్లో, ఏ షరతులతో అన్నది దుకాణం నిర్ణయించుకోవచ్చు. సేల్ సరుకు మార్చబోమని ముందే చెప్పి అమ్మితే అదీ న్యాయమే. బట్టలోనే లోపం ఉండటం రెండోది. కుట్టు ఊడిపోయింది, నేతలో చిరుగు ఉంది, జిప్పు పడదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా తెచ్చినా వాపసు తీసుకుని డబ్బు ఇవ్వకపోతే అది అక్రమ వ్యాపార పద్ధతి. బిల్లులో గడువు రాయకపోతే 30 రోజులు. సేల్‌లో కొన్నంత మాత్రాన ఈ హక్కు పోదు. బిల్లు ఇవ్వకపోవడాన్ని కూడా అదే చట్టం తప్పుగా చూస్తుంది.

చిన్న మరక ఉందనో, ఒక గుండీ లేదనో ధర తగ్గించిన బట్టలు ఉంటాయి. వాటిని విడిగా వేలాడదీసి, లోపం ఎక్కడుందో ట్యాగు మీదే రాయండి. చూసి, తెలిసి కొన్నవారు ఆ మరక గురించి మళ్లీ పేచీ పెట్టరు.

కట్ సైజుల సేల్‌లో మరో చిక్కు ఉంది. ‘సైజు మారుస్తాం’ అని రాస్తారు. ఎల్ తెచ్చినామెకు ఎక్స్ఎల్ ఇద్దామంటే అది నిన్ననే అయిపోయింది. అప్పుడేం చేస్తారో కూడా క్యాప్షన్‌లోనే ఉండాలి. లేకపోతే కౌంటర్ దగ్గర కుర్రాడొక మాట, యజమాని ఒక మాట చెబుతారు.

[తెరపై: క్యాప్షన్ ఒక్కో వరుసగా వస్తుంది. చదివే గొంతు నెమ్మదిగా ఉండాలి.]

‘ఆషాఢం సేల్. కాటన్ కుర్తీలు 180 మాత్రమే. 45 కుర్తీలు సగం ధరకు, మిగతా 135 కుర్తీలపై 30 శాతం తగ్గింపు.

ఎస్ 42, ఎం 14, ఎల్ 22, ఎక్స్ఎల్ 40, డబుల్ ఎక్స్ఎల్ 62. ఇది శుక్రవారం ఉదయం లెక్క. మళ్లీ తెప్పించడం లేదు.

సైజు పట్టకపోతే 7 రోజుల్లోగా బిల్లుతో, ట్యాగు తీయకుండా, ఉతకకుండా తెండి, మారుస్తాం. మీ సైజు అయిపోయి ఉంటే మీరు కట్టిన ధరకు వేరే బట్టలు తీసుకోవచ్చు, లేదా 3 నెలలు చెల్లే క్రెడిట్ నోటు ఇస్తాం. సైజు, రంగు కారణంగా డబ్బు వాపసు ఉండదు. ఆల్టరేషన్ చేయించినవి మార్చం.

బట్టలో లోపం ఉంటే 30 రోజుల్లోగా తెండి, డబ్బు వాపసు ఇస్తాం. ట్యాగు మీద మేమే రాసిన లోపానికి ఇది వర్తించదు.

ఆదివారం రాత్రి 9 వరకు, లేదా సరుకు ఉన్నంత వరకు.’

‘మీరు కట్టిన ధరకు’ అన్న మాట గమనించండి. 600కు కొన్న కుర్తీకి మార్పిడి విలువ 600, ఎంఆర్‌పీ కాదు. ఇది రాయకపోతే 1,200 విలువ చేసే చీర అడిగేవారూ వస్తారు, వారిని తప్పుపట్టలేం. చీరలూ సేల్‌లో ఉంటే ఇంకో వరుస చేర్చండి: ఫాల్ కుట్టించినా, బ్లౌజు ముక్క కత్తిరించినా మార్చం.

సంఖ్యలు మొదటి రెండు వరుసల్లోనే ఉంచాను. చాలామంది ఫోనులో మొదట కనిపించేవి పై వరుసలే, మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. ఎన్ని ఉన్నాయో, దేని మీద ఎంత తగ్గింపో ఆ మడత కింద దాచడం నాకు ఎంతమాత్రం నచ్చదు. చోటు చాలకపోతే పండగ శుభాకాంక్షలు తీసేయండి, అంకెలు తీయకండి.

[తెరపై: శనివారం సాయంత్రం. ఫోనులో క్యాప్షన్ దిద్దుతున్న చేయి.]

శనివారం సాయంత్రానికి ఎం అయిపోయిందనుకోండి. వెంటనే క్యాప్షన్ తెరిచి ‘ఎం అయిపోయాయి’ అని దిద్దండి. వాట్సాప్‌లో పంపినవారికీ అదే వరుస పంపండి. ఆదివారం చివరి రోజన్నారు కనుక సోమవారం అదే సేల్‌ను పొడిగించకండి. ఆదివారం పని మానుకుని వచ్చినవారు అది చూస్తారు. బిల్లు పుస్తకంలో ‘వాపసు తీసుకోబడదు’ అన్న పాత వరుస ఇంకా ఉంటే కొట్టేసి, క్యాప్షన్‌లోని మార్పిడి, లోపం వరుసలను రబ్బరు స్టాంపు చేయించి ప్రతి బిల్లు మీదా వేయండి.