నాన్‌స్టిక్ పెనం మీద గోధుమరంగు మచ్చ: తోమితే పోదు, నానబెడితే పోతుంది
(విజయవాడలో గృహిణుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఈ పెనం చూడండి. 26 సెంటీమీటర్ల నాన్‌స్టిక్ అట్ల పెనం, రోజూ పొద్దున్నే పెసరట్లు పోసేదే. అంచు చుట్టూ గోధుమరంగు వలయం కట్టింది, మధ్యలో అరచేయంత మచ్చ ఉంది. సబ్బుకు లొంగలేదు. ఇలాంటప్పుడు మన చెయ్యి ముందుగా వెళ్లేది స్టీలు పీచు మీదికే.

అసలు ఆ మచ్చ ఏమిటో తెలిస్తే పీచు ఎందుకు వద్దో తెలుస్తుంది. అది మాడిన పిండి కాదు, చాలావరకు నూనే. అట్టు చుట్టూ వేసిన నూనె పిండి తగలని చోట పల్చగా పరుచుకుని, వేడికీ గాలికీ గట్టిపడి, చెక్కకు వేసే వార్నిష్‌లా పొర కడుతుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ రెక్కలకు పట్టే పసుపు బంక కూడా ఈ జాతిదే. సబ్బు నూనెను వదిలిస్తుంది గానీ, గట్టిపడిపోయాక అది నూనెలా ప్రవర్తించదు.

పూత సంగతి చూడండి. పీటీఎఫ్ఈ అనే మెత్తటి ప్లాస్టిక్‌ను అల్యూమినియం మీద కొన్ని పదుల మైక్రాన్ల మందాన పూస్తారు. చాలా పెనాల్లో అది తలవెంట్రుకంత మందం కూడా ఉండదు. ఇత్తడి బిందెను బూడిదా చింతపండూ పెట్టి తోమితే పైపొర పోయినా కింద ఉన్నదీ ఇత్తడే. ఇక్కడ పైపొర పోతే కింద అల్యూమినియం. పచ్చ స్క్రబ్బర్‌లో కూడా గరుకు రేణువులు ఉంటాయి, మచ్చ ఊడే లోపే అవి పూతను గీసేస్తాయి. ఆ గీతల్లోకి మళ్లీ నూనె దిగి అక్కడే మాడుతుంది. అట్టు అంటుకుంటుంది, మనం ఇంకా గట్టిగా తోముతాం. నిజానికి చాలా పెనాలు పాడైపోయేది వంటకు కాదు, ఈ తోముడుకే.

మొదలుపెట్టే ముందు ఒక పరీక్ష. చల్లటి పెనం మీద రెండు నీటి చుక్కలు వెయ్యండి. మంచి పూత మీద చుక్క ముత్యంలా నిలిచి జారిపోతుంది, నూనె పొర మీద పరుచుకుంటుంది. వేలితో తడిమితే మచ్చ కాస్త గరుకుగా తగులుతుంది. అలా కాకుండా నునుపుగా ఉండి రంగు మాత్రమే పాలిపోతే అక్కడ పూతే కాలింది, దాన్ని ఏ సోడా వెనక్కి తీసుకురాదు.

నూనె పొర అయితే పని తేలిక. ఎత్తైన అంచున్న పెనమైతే అర లీటరు నీళ్లలో రెండు టేబుల్‌స్పూన్ల వంటసోడా కలిపి, మచ్చ మునిగేలా పోసి, సన్నని సెగ మీద పది నిమిషాలు కాగనివ్వండి. వేడి నీళ్లలో సోడా క్షారం పెరుగుతుంది, ఆ క్షారం గట్టిపడ్డ నూనెను కొద్దికొద్దిగా సబ్బుగా మారుస్తుంది. నీళ్లు గోధుమరంగుకు తిరిగితే పని జరుగుతోందని గుర్తు. చల్లారాక మెత్తటి స్పాంజితో తుడవండి.

మన అట్ల పెనాలకు ఎత్తైన అంచు ఉండదుగా, నీళ్లు నిలవవు. పాత కాటన్ గుడ్డను అదే వేడి సోడా నీళ్లలో ముంచి, పొయ్యి ఆపిన గోరువెచ్చని పెనం మీద పరిచి, పైన పళ్లెం బోర్లించి గంటసేపు వదిలెయ్యండి. ఇంకా మిగిలిన చోట మూడు చెంచాల సోడాకు ఒక చెంచా నీళ్లు కలిపిన ముద్ద పూసి, అరగంట ఆగి వేలికొసతో తేలిగ్గా రుద్దండి. పోకపోతే బలం పెంచొద్దు, గుడ్డ మళ్లీ పరచండి. పాత మచ్చకు మూడు సార్లు పట్టడం మామూలే.

సోడాలో నిమ్మరసం కలిపితే బుసబుసమని పొంగుతుంది, చూడ్డానికి బాగుంటుంది. కానీ ఒకదాన్నొకటి విరిచేసుకుంటాయి, మచ్చ అలాగే ఉంటుంది. నిమ్మరసం బోరు నీళ్ల తెల్లమచ్చకు పనికొస్తుంది, దీనికి కాదు. బట్టల సోడా వాడొద్దు, పూత లేని అల్యూమినియం అడుగును నల్లబరుస్తుంది.

మచ్చ పోయాక కడిగి ఆరబెట్టి, రెండు చుక్కల నూనె గుడ్డతో రాసి తుడిచెయ్యండి. ఇక అట్టు పోసేటప్పుడు మంట మధ్యస్థంగా ఉంచి, ఖాళీ పెనాన్ని పెద్ద మంట మీద వదిలెయ్యకండి. 260 డిగ్రీలు దాటితే పూత పాడవడం మొదలవుతుంది. ఇంట్లో లవ్ బర్డ్స్ ఉన్నవాళ్లు మరీ జాగ్రత్త, అతిగా కాగిన ఈ పెనం పొగకు పక్షులు నిమిషాల్లో చనిపోతాయి. కాలిన పెనం మీద నీళ్లు చిలకరించి ఉల్లిపాయ ముక్కతో రుద్దే అలవాటు ఇనప పెనానికి చెల్లింది. నాన్‌స్టిక్ పెనం ఆ దెబ్బకు వంకర తిరుగుతుంది, అట్టు ఒక పక్క మాడి ఒక పక్క పచ్చిగా ఉంటుంది. స్టీలు అట్లకాడ బదులు చెక్కది వాడండి.

పూత పెచ్చులుగా లేస్తున్నా, తెల్లగా అల్యూమినియం కనిపిస్తున్నా సోడా మీద డబ్బు దండగ చెయ్యకండి. ఆ పెనాన్ని పాత సామాన్లవాడికి వేసెయ్యడమే.