రెండో డయోడ్‌ను వదిలేయకండి

వేదిక మీది పెద్దలకు, ల్యాబ్ బాధ్యతలు చూసే మిత్రులకు, విద్యార్థులకు నమస్కారం. నా పరిచయం చాలాసేపు సాగింది. నేరుగా విషయానికి వస్తాను.

ప్రెసిషన్ ఫుల్‌వేవ్ రెక్టిఫైయర్ గురించి మాట్లాడమన్నారు. దీన్ని మన ల్యాబుల్లో ఎలా చేయిస్తున్నామో చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది. జనరేటర్ నుంచి 5 వోల్టుల సైన్ వేవ్ ఇస్తాం. స్కోప్ మీద వరుసగా గుట్టలు కనపడతాయి. రికార్డులో బొమ్మ గీసి సంతకం పెట్టించుకుంటాం. 5 వోల్టులకైతే ఈ సర్క్యూట్ దేనికి? నాలుగు డయోడ్ల మామూలు బ్రిడ్జి చాలు. ఒకటిన్నర వోల్టు దాకా పోతుంది గానీ గుట్టలు దానికీ వస్తాయి. ఈ సర్క్యూట్ పుట్టిందే 20 మిల్లీవోల్టుల కోసం. ఆ 20 మిల్లీవోల్టులను మాత్రం ఎవరూ ఇచ్చి చూడరు.

సిలికాన్ డయోడ్ తెరుచుకోవాలంటే సుమారు 0.6 వోల్టులు కావాలి. 20 మిల్లీవోల్టులు దాని ముందు ఏమూలకు? అందుకే డయోడ్‌ను ఆప్‌ఆంప్ ఫీడ్‌బ్యాక్ లోపల పెడతాం. ఆ 0.6 వోల్టులను అప్పుడు ఆంప్ అవుట్‌పుట్ భరిస్తుంది. ఆంప్ గెయిన్ లక్ష అనుకుంటే, ఇన్‌పుట్ దగ్గర మనకు పడే భారం 0.6ను లక్షతో భాగించినంత, అంటే 6 మైక్రోవోల్టులు. డయోడ్ డ్రాప్ ఎక్కడికీ పోలేదు, మన లెక్కలోంచి తప్పుకుంది, అంతే.

ఇప్పుడు సర్క్యూట్. రెండు ఆంపులు ఉంటాయి. మొదటిది ఇన్వర్టింగ్ హాఫ్‌వేవ్ రెక్టిఫైయర్. దానికి ఇన్‌పుట్ రెసిస్టర్ 10 కిలోఓమ్, ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ 10 కిలోఓమ్. ఇన్‌పుట్ పాజిటివ్ అయితే మొదటి డయోడ్ తెరుచుకుని, అంతే విలువ తలకిందులై బయటికి వస్తుంది. ఇన్‌పుట్ నెగెటివ్ అయితే బయటికి సున్నా రావాలి. రెండో ఆంప్ కూడిక చేస్తుంది. అసలు ఇన్‌పుట్‌ను 10 కిలోఓమ్ గుండా, హాఫ్‌వేవ్‌ను 5 కిలోఓమ్ గుండా తీసుకుంటుంది. దాని ఫీడ్‌బ్యాక్ 10 కిలోఓమ్. హాఫ్‌వేవ్‌ను Vh అంటే,

Vout = −(Vin + 2Vh)

+20 మిల్లీవోల్టులు ఇస్తే Vh విలువ −20. లోపల 20 లోంచి 40 పోతే −20, బయట గుర్తు మారి +20. −20 ఇస్తే Vh సున్నా, గుర్తు మారి మళ్లీ +20.

ఇక్కడ ఆగి మిమ్మల్నే అడుగుతాను. నెగెటివ్ సగంలో హాఫ్‌వేవ్ సున్నా రావాలన్నాను కదా. ఆ సున్నాను అక్కడ పట్టి ఉంచేది ఎవరు? చెప్పండి. వెనక వరుసలో వాళ్లు కూడా. మొదటి డయోడ్ మూసుకుంది కాబట్టి సున్నా అనే జవాబే ఎక్కువగా వినపడుతోంది. ఆ జవాబు వల్ల నడిచిన ఒక కథ చెప్తాను.

బ్యాటరీ కరెంట్ చూపించే ఒక మీటరు నా దగ్గరికి వచ్చింది. ఎవరిదో చెప్పను. 2 మిల్లీఓమ్ షంట్, 10 ఆంపియర్లకు 20 మిల్లీవోల్టులు. ఛార్జింగ్‌లో పాజిటివ్, డిశ్చార్జిలో నెగెటివ్. ఏ దిశలోనైనా ఎన్ని ఆంపియర్లో చూపించాలని ఈ రెక్టిఫైయర్ పెట్టారు. లోడు తగిలించి, డిశ్చార్జిలో 10 ఆంపియర్లకు సరిగ్గా 10 చూపించేలా ట్రిమ్మర్ తిప్పారు. ఛార్జింగ్‌లో మాత్రం అదే 10 ఆంపియర్లకు 7.1 చూపించేది. ఛార్జర్ బలహీనపడిందని ఛార్జర్ మార్చారు. తర్వాత బ్యాటరీని అనుమానించారు. మీటరును ఎవరూ అనుమానించలేదు, ఎందుకంటే డిశ్చార్జిలో చక్కగా పనిచేస్తోంది!

బోర్డు మీద ఇన్‌పుట్ షార్ట్ చేస్తే సున్నాకు దగ్గరగానే ఉంది. రెక్టిఫైయర్ అవుట్‌పుట్ దగ్గర చూస్తే, +20కి 20 వచ్చింది, −20కి 28 వచ్చింది. మొదటి ఆంప్ అవుట్‌పుట్ నుంచి దాని ఇన్వర్టింగ్ ఇన్‌పుట్‌కు వెళ్లాల్సిన రెండో డయోడ్ బోర్డు మీద లేదు. ఆ డయోడ్ సిగ్నల్‌ను మోయదు కాబట్టి అనవసరం అనుకున్నట్టున్నారు.

28 ఎందుకొచ్చిందో చూడండి, ఇదే ఈ సర్క్యూట్‌లో అందరికీ తెలియాల్సిన విషయం. నెగెటివ్ సగంలో రెండో డయోడ్ తెరుచుకుని ఫీడ్‌బ్యాక్ లూప్‌ను మూసి ఉంచుతుంది. దానివల్లే ఇన్వర్టింగ్ ఇన్‌పుట్ సున్నా దగ్గర నిలబడుతుంది. హాఫ్‌వేవ్ బిందువు 10 కిలోఓమ్ ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ ద్వారా ఆ సున్నాకే కట్టి ఉంటుంది. అది తీసేస్తే లూప్ తెగిపోతుంది, ఆంప్ పాజిటివ్ చివరికి వెళ్లి సాచురేట్ అవుతుంది, సున్నాను పట్టుకునేవాళ్లు ఉండరు. అప్పుడు ఇన్‌పుట్ కరెంట్ 10, 10, 5 కిలోఓమ్‌ల గుండా నేరుగా రెండో ఆంప్‌లోకి పోతుంది. మొత్తం 25 కిలోఓమ్. 10ని 25తో భాగిస్తే 0.4. రావాల్సిన 1కి ఈ దొంగ 0.4 కలిసి 1.4 అయింది. 28 అదే. డిశ్చార్జిలో దాన్నే ట్రిమ్మర్‌తో సరిచేశారు కాబట్టి, సవ్యంగా ఉన్న ఛార్జింగ్ వైపు 10ని 1.4తో భాగించి 7.1 చూపించింది. ఒక్క డయోడ్ పెట్టి ట్రిమ్మర్ మళ్లీ సరిచేస్తే రెండు దిశలూ కలిశాయి.

ఏసీ సిగ్నల్ అయితే నష్టం ఇంకా పెరుగుతుంది. 741 అవుట్‌పుట్ మైక్రోసెకండుకు అర వోల్టే కదులుతుంది. 13 వోల్టుల దగ్గర సాచురేట్ అయింది తిరిగి −0.6కు రావాలంటే పూర్తి వేగంతో వచ్చినా 27 మైక్రోసెకండ్లు. 10 కిలోహెర్ట్జ్‌లో అర సైకిల్ మొత్తం 50 మైక్రోసెకండ్లే! పైగా చిన్న సిగ్నల్ ఉన్నప్పుడు ఆంప్‌ను నెట్టే తేడా కూడా చిన్నదే కాబట్టి ఆ పూర్తి వేగం కూడా రాదు. రెండో డయోడ్ ఉంటే అవుట్‌పుట్ దాటాల్సింది 1.2 వోల్టులు మాత్రమే.

అది ఉన్నా హద్దు ఉంది. ఇందాక గెయిన్ లక్ష అన్నాను. అది డీసీకి దగ్గరలో మాట. 741కి 10 కిలోహెర్ట్జ్ దగ్గర మిగిలేది సుమారు వంద. 0.6ను వందతో భాగిస్తే 6 మిల్లీవోల్టులు. 20 మిల్లీవోల్టుల సిగ్నల్‌కు అది చాలా పెద్ద కోత.

ఆఫ్‌సెట్ మాట చెప్పకుండా దిగలేను. 741లో 2 మిల్లీవోల్టుల ఆఫ్‌సెట్ మామూలే. ఈ సర్క్యూట్‌లో ఏ ఆంప్ ఆఫ్‌సెట్ అయినా అవుట్‌పుట్‌లో నాలుగు రెట్ల దాకా కనిపించవచ్చు. 20 చదవాల్సిన చోట 8 మిల్లీవోల్టుల తప్పు! నెమ్మదిగా మారే సిగ్నల్‌కు వేగం కాదు, తక్కువ ఆఫ్‌సెట్ ఉన్న ఆంప్ చూసుకోండి. 5 కిలోఓమ్ రెసిస్టర్ విడిగా వెతక్కండి, ఒకే స్ట్రిప్‌లోవి రెండు 10 కిలోఓమ్‌లు ప్యారలల్‌గా పెట్టండి. అది ఒక శాతం తగ్గితే పాజిటివ్ సగం రెండు శాతం పెరుగుతుంది.

బల్లల మీద బోర్డులు సిద్ధంగా ఉన్నాయి. దయచేసి జనరేటర్ ఆన్ చేయకండి. ముందు ఇన్‌పుట్ షార్ట్ చేసి అవుట్‌పుట్ రాసుకోండి. తర్వాత +20, ఆ తర్వాత −20 మిల్లీవోల్టుల డీసీ ఇవ్వండి. సున్నా రీడింగ్ తీసేశాక రెండూ సమానంగా ఉన్నాయో లేదో చూడండి. 28 వచ్చినవాళ్లు ఏ డయోడ్ వైపు చూడాలో మీకు తెలుసు. పదండి, మొదలుపెడదాం.