ఒక్క షేరు, 6,10,000 యెన్లు: ఆర్డర్ బయటికి వెళ్లకముందే పట్టుకోవలసిన పొరపాట్లు

సభకు నమస్కారం.

2005 డిసెంబరు 8వ తేదీ ఉదయం టోక్యో స్టాక్ ఎక్స్ఛేంజిలో జె-కామ్ అనే చిన్న కంపెనీ షేర్ల ట్రేడింగు మొట్టమొదటిసారిగా మొదలైంది. మిజుహో సెక్యూరిటీస్‌కు ఒక ఖాతాదారు నుంచి వచ్చిన ఆదేశం చాలా చిన్నది: ఒక షేరును 6,10,000 యెన్లకు అమ్మిపెట్టాలి. ఆర్డరు కంప్యూటర్లోకి ఎక్కేసరికి రెండు అంకెలూ ఒకదాని చోట ఒకటి పడ్డాయి. ఒక్కొక్కటి 1 యెన్ చొప్పున 6,10,000 షేర్లు అమ్మకానికి వెళ్లాయి. ఆ కంపెనీ జారీ చేసిన షేర్లే మొత్తం సుమారు 14,500. అంటే లోకంలో ఉన్న షేర్లకు 42 రెట్లు అమ్మకానికి పెట్టినట్టయింది. ఆ రోజు తొలి ధర 6,72,000 యెన్లుగా తేలడంతో రోజువారీ కనిష్ఠ పరిమితి 5,72,000 అయింది. 1 యెన్ ఆర్డరును ఎక్స్ఛేంజి ఆ కనిష్ఠ ధరకు వేసినట్టుగా పరిగణించింది. నిమిషాల్లో షేరు ధర అక్కడికి పడిపోయింది. పొరపాటు గమనించి రద్దు చేయబోతే ఎక్స్ఛేంజి సాఫ్ట్‌వేర్‌లోని లోపం వల్ల రద్దు పనిచేయలేదు. చివరకు నష్టం దాదాపు 4,000 కోట్ల యెన్లకు చేరింది.

ఈ ఉదంతాన్ని చాలామంది ఉద్యోగి అజాగ్రత్తకు ఉదాహరణగా చెబుతారు. నాకు మాత్రం ఇందులో ఒక గుణకారం ముఖ్యంగా కనిపిస్తుంది. సరైన ఆర్డరు విలువ 1 × 6,10,000, అంటే 6,10,000 యెన్లు. తప్పు ఆర్డరు విలువ 6,10,000 × 1, అదీ 6,10,000 యెన్లే. ధరా సంఖ్యా తారుమారైతే వాటి లబ్ధం మారదు. కాబట్టి ఆర్డరులో రాసిన ధరతోనే సంఖ్యను గుణించి, వచ్చిన విలువ గరిష్ఠ పరిమితికి లోపల ఉందా అని చూసే తనిఖీ ఎంత కట్టుదిట్టంగా పెట్టినా ఈ పొరపాటును చూడలేదు. పరిమితిని 10 లక్షల యెన్లకు కుదించినా ఆ ఆర్డరు హాయిగా దాటిపోతుంది.

తనిఖీ చేయవలసిన ఆర్డరు నుంచే కొలబద్ద తీసుకోవడం ఇక్కడి లోపం. విలువను మార్కెట్ ధరతో లెక్కకట్టాలి. ఆ ఉదయం మార్కెట్లో ఇంకా ధర పుట్టకపోయినా, షేరును ప్రజలకు అమ్మిన ఇష్యూ ధర ఉంది, అది 6,10,000 యెన్లు. దానితో గుణిస్తే తప్పు ఆర్డరు విలువ 37,210 కోట్ల యెన్లు అవుతుంది. ఎంత ఉదారమైన పరిమితి పెట్టుకున్న సంస్థలోనైనా అది ఆగిపోవలసిందే.

దీన్ని కొద్దిపాటి కోడ్‌గా చూపిస్తాను. ధర చెప్పిన ఆర్డర్లకు మాత్రమే ఇది వర్తిస్తుంది. ధర లేని మార్కెట్ ఆర్డరుకైతే ముందుగా పరిధి అంచునే ధరగా తగిలించి, ఆ తర్వాత ఇదే దారిలో పంపాలి.

```python
def check(side, qty, price, ref, band, max_value):
    if ref is None or ref <= 0:
        return "REJECT: no reference price"
    if side == "BUY" and price > ref * (1 + band):
        return "REJECT: price collar"
    if side == "SELL" and price < ref * (1 - band):
        return "REJECT: price collar"
    if qty * max(price, ref) > max_value:
        return "REJECT: order value"
    return "OK"
```

ఇందులో `ref` అనేది ఆధార ధర, `band` అనేది దాని చుట్టూ మనం అనుమతించే వెడల్పు. ఈ పరిధినే ప్రైస్ కాలర్ అంటున్నాం. కొనే ఆర్డరు పరిధి పై అంచును, అమ్మే ఆర్డరు కింది అంచును దాటకూడదు. రెండో వైపు తెరిచి వదిలేయడం ఉద్దేశపూర్వకమే. మార్కెట్ కంటే బాగా తక్కువకు కొంటానని కూర్చునే ఆర్డరు వెంటనే ఎవరికీ నష్టం చేయదు. `band` 0.20 అనుకుంటే జె-కామ్ షేరుకు కింది అంచు 4,88,000 యెన్లు. 6,10,000కు అమ్మే సరైన ఆర్డరు దాటిపోతుంది, 1 యెన్‌కు అమ్మేది మొదటి అడ్డంకి దగ్గరే నిలిచిపోతుంది. రెండు తనిఖీలూ ఎందుకు కావాలన్న ప్రశ్నకు జవాబు సులభం. ధర సరిగ్గా కొట్టి సంఖ్యలో మూడు సున్నాలు ఎక్కువ వేస్తే కాలర్‌కు ఏ లోపమూ కనిపించదు, గరిష్ఠ విలువే ఆపాలి. సంఖ్య సరిగ్గా కొట్టి అమ్మే ధరలో ఒక సున్నా మరిచిపోతే కాలర్ ఆపాలి.

కోడ్‌లో మొదటి రెండు వరుసల గురించి కొంచెం ఆగి చెప్పాలి. కొత్తగా లిస్టయిన షేరుకో, చాలాకాలంగా లావాదేవీ లేని బాండుకో, ధరలు మోసుకొచ్చే ఫీడ్ తెగిపోయిన సమయంలో అన్నింటికో ఆధార ధర దొరకదు. అప్పుడు ఏం చేయాలన్నది రాసేవారి నిర్ణయం. ఒక సంస్థలో నేను చదివిన కోడ్‌లో ఆధార ధర సున్నా అయితే ధర తనిఖీని దాటవేసి ఆర్డరును వదిలేసేవారు. ఖాతాదారు పని ఆగకూడదన్నది వారి ఆలోచన. దాని ఫలితంగా, ఏమీ తెలియని షేరుకే ఏ కాపలా లేకుండా పోయింది, అదీ తప్పు జరిగే అవకాశం ఎక్కువగా ఉన్న రోజునే. ఆధార ధర లేకపోతే ఆర్డరును తిరస్కరించాలి. ఇష్యూ ధర వంటి ఆధారాన్ని రెండో మనిషి చేత నమోదు చేయించాకే తలుపు తీయాలి. అలాగే ఆధార ధర ఎంతసేపటి కిందటిదో కూడా చూడాలి. ఫీడ్ ఆగిపోయినా చివరి ధర మెమరీలో అలాగే నిలిచి ఉంటుంది, చూడటానికి బతికే ఉన్నట్టు కనిపిస్తుంది.

ఆధార ధరకు సంబంధించి మరొక చిక్కు నెమ్మదిగా వస్తుంది. చివరి లావాదేవీ ధరనే ఆధారంగా తీసుకున్నామనుకుందాం, పరిధి 3 శాతం. ఒక పెద్ద అమ్మకాన్ని అల్గారిథం చిన్న చిన్న ఆర్డర్లుగా కోసి పంపుతోంది. మొదటిది ధరను 3 శాతం దించుతుంది. ఆ దిగిన ధరే రెండోదానికి ఆధారం అవుతుంది. అది మరో 3 శాతం దించుతుంది. ఇలా పది మెట్లు దిగితే 100 దగ్గర మొదలైన ధర సుమారు 73.7కు వస్తుంది. ఒక్క ఆర్డరు కూడా నియమం తప్పలేదు, కానీ పావు వంతుకు పైగా విలువ కరిగిపోయింది. మన పొరపాటు వెంటే మన కాలర్ కూడా నడుచుకుంటూ వెళ్లింది. అందుకే కదలని రెండో ఆధారం కావాలి: ముక్కలుగా కోయకముందు మాతృ ఆర్డరు వచ్చిన క్షణంలో ఉన్న ధర గానీ, నిన్నటి ముగింపు ధర గానీ. కదిలే ఆధారం చుట్టూ ఇరుకైన పరిధి, కదలని ఆధారం చుట్టూ కొంత విశాలమైన పరిధి పెట్టి, రెండు పరిధుల్లోనూ ఉంటేనే ఆర్డరు వెళ్లాలి. అల్గారిథమిక్ ట్రేడింగుపై ఐరోపా సమాఖ్య నిబంధనలు కూడా ప్రైస్ కాలర్‌ను ఒక్కొక్క ఆర్డరుకే కాక కొంత కాలవ్యవధికి కూడా వర్తింపజేయాలని చెబుతున్నాయి.

ఇప్పుడు తిరిగి ఆ ఉదయానికి వస్తాను. మిజుహో తెరమీద హెచ్చరిక రానే వచ్చింది. దాన్ని దాటుకుని ఆర్డరు వెళ్లింది. హెచ్చరించి వదిలేసే తనిఖీకీ, తలుపు మూసేసే తనిఖీకీ ఉన్న తేడా ఇంతకంటే స్పష్టంగా కనిపించదు. రోజుకు అనేకసార్లు అకారణంగా వచ్చే హెచ్చరిక పెట్టెను మనిషి చదవడు. ఎంటర్ మీటను రెండుసార్లు నొక్కడం వేళ్లకు అలవాటవుతుంది.

16 ఏళ్ల తర్వాత ఇదే విషయం మరింత పెద్ద ఎత్తున బయటపడింది. 2022 మే 2న లండన్‌లో సిటీగ్రూప్ ట్రేడర్ ఒకరు 5.8 కోట్ల డాలర్ల విలువైన, పలు కంపెనీల షేర్లున్న బాస్కెట్‌ను అమ్మబోయి, ఆ అంకెను విలువ గడిలో కాకుండా పరిమాణం గడిలో నింపారు. తయారైన బాస్కెట్ విలువ 44,400 కోట్ల డాలర్లు. తెరమీద 711 హెచ్చరికల జాబితా వచ్చింది. అందులో మొదటి 18 వరుసలే కనిపించేవి, మిగతావి చూడకుండానే ముందుకు వెళ్లే వీలుంది. కొన్ని నియంత్రణలు పనిచేసి 25,500 కోట్ల మేరకు ఆపాయి. మిగిలిన 18,900 కోట్లు అల్గారిథంకు చేరాయి. ట్రేడర్ రద్దు చేసేలోపు 140 కోట్ల డాలర్ల షేర్లు ఐరోపా మార్కెట్లలో అమ్ముడైపోయాయి. 2024లో బ్రిటన్ నియంత్రణ సంస్థలు రెండూ కలిపి 6 కోట్ల పౌండ్లకు పైగా జరిమానా విధించాయి.

ఇందులో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఆ 25,500 కోట్లు. బాస్కెట్‌లో సగానికి పైగా అసంభవమని వ్యవస్థ స్వయంగా తేల్చింది. ఆ వరుసలన్నీ పుట్టింది ఒకే గడిలో కొట్టిన ఒకే అంకె నుంచి. కొన్ని వరుసలు అసంభవమైతే మిగిలినవాటి మీద నమ్మకం ఎలా ఉంటుంది? ఒక్కొక్క వరుస పరిమితికి లోపల ఉండటం అవి సరైనవనడానికి సాక్ష్యం కాదు. అందువల్ల బాస్కెట్‌కు మొత్తం విలువపై వేరే పరిమితి ఉండాలి. ఏ వరుస గట్టి పరిమితిని తాకినా మొత్తం బాస్కెట్ వెనక్కి రావాలి, విరిగిన ముక్కలు ముందుకు పోకూడదు.

పరిమితి ఎంత ఉండాలంటే నేను చెప్పగలిగే పద్ధతి సాదాసీదాది. ఆ డెస్క్ గడచిన కొన్ని నెలల్లో నిజంగా పంపిన ఆర్డర్లను, ఆధార ధరతో విలువ కట్టి, పెద్దవాటి నుంచి కిందికి పేర్చి చూడాలి. అతి పెద్ద న్యాయమైన ఆర్డరుకు కొంచెం పైన హెచ్చరికను, దానికి కొద్ది రెట్ల దూరంలో తిరస్కారాన్ని ఉంచాలి. తిరస్కారాన్ని దాటించే అధికారం టైపు చేసిన మనిషికి ఉండకూడదు. సంస్థ మొత్తానికి ఒకే అంకె పెడితే అతి పెద్ద డెస్క్‌కు సరిపోయేదే అందరికీ వర్తిస్తుంది. చిన్న డెస్క్‌కు అది లేనట్టే.

తనిఖీలు రాశాక నేను మొదట చేసే పరీక్ష జె-కామ్‌దే. పరీక్షా వాతావరణంలో ధరనూ సంఖ్యనూ తారుమారు చేసి పంపుతాను. తర్వాత ఫీడ్‌ను ఆపి పంపుతాను. తర్వాత విలువను పరిమాణం గడిలో నింపిన బాస్కెట్‌ను పంపుతాను. తిరస్కారానికి కారణంగా తెరమీద ఏం వచ్చిందో కూడా చదువుతాను. "పరిమితి దాటింది" అని ఊరుకుంటే టైపు చేసినవారికి తమ పొరపాటు కనబడదు. "6,10,000 షేర్లు, ఆధార ధర ప్రకారం విలువ 37,210 కోట్ల యెన్లు" అని కనిపిస్తే ఆ క్షణంలోనే తెలుస్తుంది.

ఇంత చేసినా ఈ రెండు తనిఖీలకూ కనిపించని పొరపాట్లు ఉన్నాయి. కొనవలసినది అమ్మినా, పేరు పోలిన వేరే కంపెనీ షేరును ఎంచుకున్నా, ధరా విలువా పరిధిలోనే ఉండవచ్చు. వాటిని పట్టడానికి ధరల ఫీడ్‌తో సంబంధం లేని వేరే సమాచారం కావాలి: ఆ ఖాతాలో నిజంగా ఎన్ని షేర్లున్నాయి, కంపెనీ జారీ చేసినవి ఎన్ని అన్నది. జె-కామ్ ఆర్డరును 14,500 అనే ఒక్క అంకెతో పోల్చి ఉంటే, ఆధార ధర అవసరం లేకుండానే అది ఆగిపోయేది.